స్క్రీన్‌షాట్‌లో ఏమీ మార్చకుండానే మోసం చేయొచ్చు

ప్రశ్న: నేను పంపని మెసేజ్ పంపినట్టు ఒకతను వాట్సాప్ స్క్రీన్‌షాట్ చూపిస్తున్నాడు. అది ఎడిట్ చేసిందని ఎలా తెలుస్తుంది? విచారణలో దాన్నే నమ్మేస్తారా?

ఈ టెన్షన్ నేనూ పడ్డాను. "డబ్బు ముట్టింది, వచ్చే నెల తిరిగి ఇచ్చేస్తా" అని నేను రాసినట్టున్న స్క్రీన్‌షాట్‌ను నా పాత భాగస్వామి బయటపెట్టాడు. రెండు రాత్రులు దాన్ని జూమ్ చేసి అక్షరాల అంచులు, గీతల తేడాలు వెతికాను. ఏమీ దొరకలేదు. దొరికే అవకాశమే లేదు, ఆ బొమ్మను ఎవరూ ముట్టుకోలేదు మరి.

విచారణ అధికారి స్క్రీన్‌షాట్‌ను పక్కన పెట్టి, "ఆ చాట్ ఉన్న ఫోన్ చూపించండి" అన్నారు. చాట్ తెరిచి పైనున్న పేరు మీద నొక్కారు. కింద కనిపించిన నంబర్ నాది కాదు. ఇంకో నంబర్‌ను నా పేరుతో సేవ్ చేసుకుని, దానికి నా ఫోటో పెట్టి, అందులోంచి తనకు తానే మెసేజ్ పంపుకున్నాడు. చాట్ పైన కనిపించేది అతను ఫోన్‌లో రాసుకున్న పేరే కదా! కాబట్టి మీరు ముందు అడగాల్సింది నంబర్.

నంబర్ మీదే అయితే కథ వేరు. కంప్యూటర్ బ్రౌజర్‌లో వాట్సాప్ తెరిచి, పేజీ లోపలి కోడ్‌ను చూపించే Inspect నొక్కి, మెసేజ్‌లోని మాటలు మార్చి స్క్రీన్‌షాట్ తీస్తే బొమ్మలో ఎక్కడా అతుకు కనపడదు. చాట్‌లో ఫోటోగా పంపిన బొమ్మయితే మళ్లీ కుదించుకుపోతుంది, అది ఎప్పుడు, ఏ ఫోన్‌లో తీసిందో చెప్పే వివరాలూ పోతాయి. అందుకే "ఎడిట్ ఆనవాళ్లు లేవు" అని తేలినంత మాత్రాన అది నిజమని కాదు. ఎగుమతి చేసిన చాట్ ఫైల్‌దీ ఇదే గతి. అది మామూలు టెక్స్ట్, ఎవరైనా దిద్దవచ్చు.

అప్పుడు ఇద్దరి ఫోన్లూ తీసుకుంటారు. నెట్‌వర్క్ తగలకుండా చేసి, డేటా మొత్తానికి కాపీ తీసి, ఆ కాపీలోని డేటా నుంచి లెక్కగట్టే హాష్ విలువ అనే కోడ్‌ను రాసి పెట్టుకుంటారు. తర్వాత ఒక్క అక్షరం మారినా ఆ విలువ మారిపోతుంది. వాట్సాప్‌లో ప్రతి మెసేజ్‌కూ తెర మీద కనపడని ఒక గుర్తింపు సంఖ్య ఉంటుంది. పంపిన ఫోన్‌లోనూ, అందుకున్న ఫోన్‌లోనూ అది ఒకటే. అతని ఫోన్‌లో ఉండి మీ ఫోన్‌లో లేకపోతే వెంటనే మీదే అబద్ధమనరు, అతనిదీ అనరు. మీరు డిలీట్ చేసి ఉండొచ్చు కదా. పాత బ్యాకప్, లింక్ చేసిన కంప్యూటర్, ఆ సమయంలో జరిగిన కాల్స్ లాంటివాటితో పోల్చి చూస్తారు. అప్పటిదాకా స్క్రీన్‌షాట్ ఒక ఆధారం దొరికే దారి మాత్రమే.

మీరు చేయాల్సింది ఒకటే. ఆ చాట్‌లో దేన్నీ డిలీట్ చేయకండి, కోపంలో అతన్ని బ్లాక్ చేసి చాట్ తుడిచేయకండి, యాప్‌నూ తీసేయకండి. నేను కోపంలో తుడిచేశాను. పాత బ్యాకప్ లోంచి వెనక్కి తెచ్చుకోవడానికి వారం పట్టింది, ఆ వారమంతా అనుమానం నా మీదే.