బరంపురం పిల్లల తెలుగు: ఏది పోతుంది, ఏది ఉండిపోతుంది

ప్రశ్న: మాది బరంపురం. మా అబ్బాయి ప్లస్ టూ చదువుతున్నాడు. వాడూ వాడి ఫ్రెండ్సూ మాట్లాడేది సగం తెలుగు, సగం ఒరియా, మిగతాది ఏదో రీల్స్ భాష. ఈ మాటలన్నీ వీళ్లకి ఎక్కణ్ణుంచి వస్తాయి? ఇలాగే పోతే ఇక్కడ మన తెలుగు మిగులుతుందా?

జవాబు:

మాదీ బరంపురమే. చదివింది భాషాశాస్త్రం, చేస్తున్నది ట్యూషన్ సెంటర్లో పాఠాలు చెప్పడం. మీవాడి వయసు పిల్లల కబుర్లు రోజూ చెవిన పడుతూనే ఉంటాయి. మిమ్మల్ని కంగారుపెడుతున్న మాటల్లో చాలావరకు, మీవాడికి పాతికేళ్లు వచ్చేసరికి వాడి నోట్లోనే ఉండవు. నిజంగా మారుతున్నది వేరే ఉంది. అది గట్టిగా వినబడదు కాబట్టి దాని గురించి ఎవరికీ టెన్షన్ లేదు.

ముందు పోయే మాటల సంగతి. దేన్నయినా బాగా మెచ్చుకోవడానికి వాడే మాటల్నే తీసుకోండి. మా తాతగారు "మహా బాగుంది" అనేవారు. మా నాన్న "భలేగా ఉంది" అంటారు. మా కాలేజీ రోజుల్లో అదే "కేక" అయింది. ఇప్పుడు నా క్లాసులో "అరాచకం" నడుస్తోంది. ఈ రకం మాటలు ఏ భాషలోనైనా తొందరగా అరిగిపోతాయి. టీ బాగున్నా అరాచకమే, సిక్స్ కొట్టినా అరాచకమే అయ్యాక ఆ మాటలో పస ఏం మిగులుతుంది? అప్పుడు కొత్తది కావాలి. పైగా ఆ మాట పని మెచ్చుకోవడం ఒక్కటే కాదు, "నేను ఈ గ్యాంగ్ వాణ్ణి" అని చెప్పడం కూడా. పెద్దవాళ్లు పట్టుకున్న రోజున ఆ రెండో పని ఆగిపోతుంది. మొన్న బోర్డు మీద ఒక లెక్క తేలిగ్గా తేలితే నేనే "అరాచకం కదూ" అన్నాను. వెనక బెంచీలో నవ్వులు. ఆ మాటకి ఇక ఎన్నాళ్లో లేవని అప్పుడే అర్థమైంది.

అది మా సెంటర్లోకి వచ్చిన దారి కూడా చెబుతాను. వేసవి సెలవుల్లో ఒక కుర్రాడు విశాఖలో మేనత్త ఇంటికి వెళ్లి తెచ్చాడు. వాడు క్లాసులో పెద్ద హీరో ఏమీ కాదు. కానీ పొద్దున్న క్రికెట్ ఒక గుంపుతో, సాయంత్రం ట్యూషన్ ఇంకో గుంపుతో. ఇలా రెండు పడవల మీద కాళ్లు పెట్టినవాళ్లే కొత్త మాటని ఒక గుంపు నుంచి ఇంకో గుంపుకి మోస్తారు. అయితే వాడు అన్నంత మాత్రాన అది అంటుకోలేదు. నలుగురూ తన చుట్టూ తిరిగే ఇంకో కుర్రాడు అందుకున్నాకే అందరి నోళ్లలోకీ వెళ్లింది. అంతకు ముందు రీల్స్‌లో అదే మాట వాళ్లందరూ వినే ఉంటారు. ఫోన్ మాటని చెవిదాకా తెస్తుంది, నోట్లోకి తెచ్చేది పక్కన కూర్చున్న స్నేహితుడే. ఇంట్లో మనం ఎంత కసిరినా పిల్లల భాష మారకపోవడానికి కారణం కూడా ఇదే. మాటలు మొదలుపెట్టేది అమ్మ దగ్గరే అయినా, బడికి వెళ్లాక వాళ్లకి ఒరవడి తోటి పిల్లలే.

ఇక ఉండిపోయేవి. ఒరియాలో "టికే" అంటే కొంచెం. మా పిల్లలు "టికే ఆగరా" అంటారు, "టికే జరుగు" అంటారు. దీన్ని ఎవరూ స్టైల్ కోసం వాడరు, అన్నట్టు కూడా వాళ్లకి తెలీదు. అడిగితే "మేం అలా అనం సార్" అని అదే నోటితో చెబుతారు. ఈమధ్య ఇంకో మెట్టెక్కి "టికేసేపు" అయింది, మన "కొంచెంసేపు"కి అచ్చు పోసినట్టు. పరాయి మాట మన ముక్కని తగిలించుకుని తిరగడం మొదలుపెట్టిందంటే అది కాపురానికి వచ్చినట్టే లెక్క. అలమర, ఇస్త్రీ పోర్చుగీసు నుంచి వచ్చినవని ఇప్పుడు ఎవరికి గుర్తుంది? అలాగని టికే వల్ల తెలుగు పాడైపోయిందనీ నేను అనను. ఆజ్ఞలా వినబడే మాటని మెత్తబరిచే పని అది చక్కగా చేస్తోంది.

నాకు మనసుకి కష్టంగా ఉన్నది దీనికి సరిగ్గా ఎదురు దిక్కున జరుగుతున్నది. అందరూ ఒరియా వచ్చి తెలుగుని తినేస్తోందని అంటారు. మా ఇంట్లో పోతున్న మాటల్ని చూస్తే, వాటి చోట్లోకి వస్తున్నది ఎక్కువగా తెలుగే, టీవీ తెలుగు. మా నాయనమ్మ "నాను బేగి ఎల్తాను" అనేది. మా అమ్మ "నేను" అంటుంది గానీ "బేగి"ని వదల్లేదు. మా చెల్లి కూతురు "నేను త్వరగా వెళ్తాను" అంటుంది, సీరియల్లో కోడలు అన్నట్టే. "ఏటి" పోయి "ఏంటి" వచ్చింది. "తినీసి ఎల్లు" పోయి "తినేసి వెళ్లు" వచ్చింది. ఒరియా మాట పడితే వెంటనే పట్టుకునే మనం, ఇది మాత్రం "పిల్ల శుభ్రంగా మాట్లాడుతోంది" అని మురిసిపోతాం.

ఇది నిజంగా తరం మార్పేనా, లేక వయసు తెచ్చిన తేడానా? ఈ రెండింటినీ విడదీయడమే ఈ చదువులో అసలు కష్టం. ముసలివాళ్లు ఒకలా, నడివయసు వాళ్లు ఒకలా, పిల్లలు ఒకలా మాట్లాడుతుంటే, భాష ఒక దిక్కుగా కదులుతోందని మామూలుగా అనుకుంటాం. కానీ ఆ పిల్లలే పెద్దయ్యాక పెద్దవాళ్ల మాటకి తిరిగి రావచ్చు. అప్పుడు భాష ఎక్కడిదక్కడే ఉంటుంది, ప్రతి తరమూ కుర్రతనంలో ఒక చుట్టు తిరిగి వస్తుందంతే. దీన్ని తేల్చాలంటే అదే మనిషి పాతికేళ్ల కిందట ఎలా మాట్లాడిందో వినాలి. మనలాంటి ఇళ్లలో దానికి పెళ్లి క్యాసెట్ ఉంటుంది.

మా ఇంట్లో 1990ల నాటి పిన్ని పెళ్లి వీడియో ఉంది. అందులో మంగళస్నానాల దగ్గర పిన్ని స్నేహితురాళ్లు, అప్పటికి ఇరవై ఏళ్ల వాళ్లు, "బేగి రండే, ఏటి సేస్తన్నారు" అని ఒకళ్లనొకళ్లు కేకలేసుకుంటారు. వాళ్లలో ఇద్దరు ఇప్పటికీ మా వీధిలోనే ఉన్నారు, ఇప్పటికీ అలాగే మాట్లాడతారు. అంటే "బేగి" ముసలితనంలో పట్టుకున్న మాట కాదు. ఇరవైల్లో ఉన్నదే యాభైల్లోనూ ఉంది. ఇప్పటి ఇరవై ఏళ్ల వాళ్లకి అది లేదు. కాబట్టి ఇది తరం మార్పే. దీనికి ఎదురు సాక్ష్యం మా బాబాయి కొడుకు. కాలేజీలో ఉండగా మాట మాటకీ "బిందాస్", "రే భాయ్" అనేవాడు. బ్యాంకులో చేరాక ఆ రెండూ మాయమయ్యాయి. అది వయసుతో వచ్చి వయసుతో పోయిన వ్యవహారం. ఒక వీధి, ఒక క్యాసెట్ చూసి జిల్లా మొత్తానికి తీర్పు చెప్పలేం గానీ, పద్ధతి మాత్రం ఇదే.

ఎవరు దేన్ని పట్టుకుంటారు, దేన్ని వదిలేస్తారు అన్నదానికి 1963లో అచ్చయిన ఒక పాత పరిశోధన నాకు ఇప్పటికీ పనికొస్తోంది. విలియం లబోవ్ అనే అమెరికన్ భాషావేత్త, మార్థాస్ వినియార్డ్ అనే దీవిలో జనం కొన్ని అచ్చుల్ని పలికే తీరు చూశాడు. వేసవిలో డబ్బున్న టూరిస్టులు వచ్చి పడే చోటు అది. దీవి వాళ్లదైన పాత పలుకు చచ్చిపోవడానికి బదులు కొందరిలో ఇంకా బలపడుతోంది. దీవిలోనే ఉండిపోదామనుకున్న వాళ్లలో అది ఎక్కువ, బయటికి పోదామనుకున్న వాళ్లలో తక్కువ. మనిషి తన బతుకు ఎక్కడ అనుకుంటున్నాడో అది పలుకులో తేలింది.

నా క్లాసులో కూడా నాకు కనిపించేది అదే. హైదరాబాదో విశాఖో వెళ్లి సాఫ్ట్‌వేర్‌లో చేరాలనుకునే పిల్లలు టీవీ తెలుగుకి దగ్గరగా జరుగుతారు. అక్కడి హాస్టల్లో "ఏటి" అంటే నవ్వుతారని వాళ్లకి ముందే తెలుసు. నాన్న బట్టల కొట్టులో కూర్చోబోయే కుర్రాళ్లు ఒరియాని ధారాళంగా కలుపుతారు, నాయనమ్మ తెలుగుని కూడా వాళ్లే ఎక్కువ నిలబెడుతున్నారు. ఒకే నోట్లో "టికే", "బేగి" రెండూ బతుకుతున్నాయంటే అది ఇలాంటి పిల్లల దగ్గరే. ఒరియా కలిపేవాడి దగ్గర తెలుగు తక్కువ అని లెక్క వేసుకోవడం ఇక్కడ కుదరదు.

ఒక మాట పక్కకి వెళ్లి చెప్పాలి. పుస్తకాల్లో నోటి తెలుగు రాయాలని పోరాడిన గిడుగు రామమూర్తి గారు దశాబ్దాలు గడిపింది మన పక్కనున్న పర్లాకిమిడిలోనే. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులోకి వెళ్లినప్పుడు ఆయన ఊరు వదిలి రాజమండ్రి వెళ్లిపోయారు. ఆ పోరాటం గెలిచింది. కానీ పుస్తకాల్లోకీ పత్రికల్లోకీ ఎక్కిన నోటి తెలుగు ముఖ్యంగా కృష్ణా గోదావరి జిల్లాల చదువుకున్న వాళ్లది. ఇవాళ టీవీలో వినబడేది దాని మనవడే. శ్రీకాకుళం వైపు పుట్టి పర్లాకిమిడిలో బతికిన మనిషి గెలిపించిన వాదం, చివరికి ఈ వైపు పలుకునే పక్కకి నెట్టింది. ఆయన తప్పేమీ లేదు, కానీ నాకు మాత్రం ఇది ఎప్పుడు తలుచుకున్నా చిత్రంగానే ఉంటుంది.

మీవాడి దగ్గర ఏది ఉంటుందో ఏది పోతుందో మీరే చూసుకోవచ్చు. "నువ్విలా అంటావా?" అని మాత్రం అడగకండి. అడిగితే ఎవరైనా సర్దుకుని మాట్లాడతారు. వాడు ఫోన్లో స్నేహితుడితో మాట్లాడేటప్పుడూ, నాయనమ్మతో మాట్లాడేటప్పుడూ వినండి. స్నేహితుల దగ్గర మాత్రమే వచ్చే మాటలు చాలావరకు రాలిపోయేవే. నాయనమ్మ దగ్గర కూడా తెలియకుండా దొర్లేవి, మన విభక్తులూ ప్రత్యయాలూ తగిలించుకున్నవి, ఉండేవి. పేర్లూ మెచ్చుకోళ్లూ పట్టించుకోనవసరం లేదు. "నేను", "ఏంటి", "వెళ్తాను" లాంటి చిన్న ముక్కల మీద చెవి పెట్టండి.

నాకు ఒక్క విషయంలోనే నిజంగా భయం ఉంది. మా క్లాసులో చాలామంది తెలుగు పిల్లలకి తెలుగు అక్షరాలు రావు. ఒకళ్లకొకళ్లు "em chestunnav ra" అని ఇంగ్లీషు అక్షరాల్లో టైప్ చేసుకుంటారు. మాట్లాడే తెలుగు ఎన్ని రకాలుగా మారినా దాన్ని తర్వాతి తరానికి అందించే స్నేహితులు ఉంటారు. చదవడం మాత్రం స్నేహితుడి నుంచి అంటుకోదు, ఎవరో ఒకరు కూర్చోబెట్టి నేర్పాలి. మీవాడి స్లాంగ్‌ని దిద్దడానికి పెట్టే ఓపిక ఏదైనా ఉంటే, దాన్ని ఈ సెలవుల్లో అక్షరాల మీద పెట్టండి. మాట్లాడే తెలుగు వచ్చు కాబట్టి ప్లస్ టూ పిల్లాడు వేగంగానే పట్టుకుంటాడు. ఒత్తుల దగ్గర మాత్రం కొంచెం నస పెడతాడు.