సెలవు తీసుకుంటున్నానంటే సీఎల్ అనుకున్నారు

ప్రశ్న: ఈ నెలాఖరుకి టీచర్‌గా రిటైర్ అవుతున్నాను. పిల్లలకీ, స్టాఫ్‌కీ కలిపి తెలుగులోనూ ఇంగ్లీషులోనూ ఒక వీడ్కోలు మెసేజ్ కావాలి. ఎలా రాస్తే బాగుంటుంది?

కలిపి రాయకండి. నేను అలా రాసే నవ్వులపాలయ్యాను.

లెక్కల మాస్టారిని. రిటైరయ్యే ముందు రోజు రాత్రి కూర్చుని తెలుగులో రాసుకున్నాను. "రేపటితో మీ అందరి దగ్గరా సెలవు తీసుకుంటున్నాను. ఇన్నేళ్ల మీ ఆదరణకు రుణపడి ఉంటాను. నావల్ల ఏమైనా పొరపాట్లు జరిగి ఉంటే మన్నించండి." తెలుగులో దీనికి వంక పెట్టడానికేం లేదు. ఆ ఊపులో దాన్నే మాటకు మాట ఇంగ్లీషులోకి దించి స్టాఫ్ గ్రూపులో పెట్టేశాను.

మొదటి జవాబు ఆఫీసు గుమాస్తాది. "సార్, సీఎల్లా, మెడికల్ లీవా? లెటర్ ఇవ్వలేదు." నేను రాసింది "ఐ యామ్ టేకింగ్ లీవ్ ఫ్రమ్ టుమారో" అని మరి! రుణపడి ఉంటాను అన్నదాన్ని "ఐ యామ్ ఇన్ డెట్" అని పెడితే, సైన్సు మాస్టారు "ఎవరెవరికి ఎంత బాకీయో లిస్టు కూడా పెట్టండి" అన్నాడు. వీటికి నేనూ నవ్వేశాను. కానీ ఆ మన్నించమన్న వాక్యం చూసి కొత్తగా చేరిన టీచరమ్మ కంగారుగా ఫోన్ చేసింది, "ఏం జరిగింది సార్, ఏదైనా గొడవా?" అని.

మన "సెలవు" రెండు పనులు చేస్తుంది, బడికి రాకపోవడానికీ అదే, వెళ్లొస్తానని చెప్పడానికీ అదే. ఇంగ్లీషులో "టేకింగ్ లీవ్ ఆఫ్ యూ" అంటేనే వీడ్కోలు. ఆ "ఆఫ్" పడిపోతే అది లీవ్ లెటరే. మన్నించమనడం తెలుగులో మర్యాద. వెళ్లే రోజున అలా అనకపోతేనే ఏదో వెలితిగా ఉంటుంది. అదే మాట ఇంగ్లీషులో ఒంటరిగా నిలబడితే తప్పు ఒప్పుకున్నట్టు వినిపిస్తుంది. అక్కడ దాన్ని వదిలేసి థాంక్స్ చెప్పండి, చాలు.

ఇక పిల్లలు. మర్నాడు మీటింగులో నాకంటే ముందు మాట్లాడినవాళ్లు గంటన్నర లాగారు. రిటైరయ్యేవాడి గురించి మొదలుపెట్టి తమ సర్వీసు కథలు చెప్పుకోవడం ఏం అలవాటో! నా వంతు వచ్చేసరికి పిల్లలు నేల మీద గీతలు గీసుకుంటున్నారు. "బాగా చదువుకోండి, వృద్ధిలోకి రండి" అని చదివాను. ఒక్కరూ తలెత్తలేదు. కాగితం మడిచి జేబులో పెట్టేసి, "మీ బాక్సుల్లోంచి తీసుకుని తిరిగివ్వని వృత్తలేఖినులు నా దగ్గర మూడున్నాయి, ఎవరివో వచ్చి తీసుకెళ్లండి" అన్నాను. అందరూ గొల్లుమన్నారు. తొమ్మిదో తరగతి పిల్ల ఒకతి లేచి, "ఒకటి నాది సార్, ఏడో తరగతిలో తీసుకున్నారు" అంది. ఆ తర్వాత నేను చెప్పిన నాలుగు మాటలూ విన్నారు.

కాబట్టి పిల్లలకి తెలుగులో, మీకూ వాళ్లకీ మాత్రమే తెలిసిన ఒక సంగతితో మొదలుపెట్టండి. నేను ఇప్పుడు రాస్తే ఇలా రాస్తాను:

"పిల్లలూ, రేపటి నుంచి మీ లెక్కల క్లాసుకి నేను రాను. స్టెప్పులు ఎగరగొట్టి జవాబు రాస్తే నేను సగం మార్కులు కోసేవాణ్ణని మీకు కోపం. కొత్త సారు దగ్గరైనా స్టెప్పులు రాయండి. బయట ఎక్కడ కనిపించినా పలకరించండి. పేరు మర్చిపోయినా, మీ చేతిరాత చూస్తే గుర్తుపడతాను. వెళ్లొస్తాను."

"వెళ్తాను" అనకండి, "వెళ్లొస్తాను" అనండి.

స్టాఫ్‌కి ఇంగ్లీషులో నాలుగు వాక్యాలు చాలు. చదువుకోవడానికి వీలుగా తెలుగు లిపిలో పెడుతున్నాను, మీరు ఇంగ్లీషులో టైప్ చేసుకోండి: "డియర్ కొలీగ్స్, టుడే ఈజ్ మై లాస్ట్ వర్కింగ్ డే. థాంక్యూ ఫర్ టేకింగ్ మై క్లాసెస్ వెన్ ఐ వజ్ ఇల్. ఐ విల్ మిస్ అవర్ స్టాఫ్ రూమ్ ఆర్గ్యుమెంట్స్. ప్లీజ్ కీప్ ఇన్ టచ్." జబ్బు చేసిన సంగతి నాది. ఆ చోట మీకు వాళ్లు నిజంగా చేసిన సాయం ఒకటి పెట్టండి. నెట్‌లో దొరికే రెడీమేడ్ మెసేజ్ మాత్రం వద్దు. మీకంటే ముందు రిటైరైనాయన కూడా అదే పెట్టి ఉంటాడు.

పేర్లు రాస్తే అందరివీ రాయండి, లేదా ఎవరివీ వద్దు. నేను పద్నాలుగు పేర్లు రాసి, రోజూ బెల్లు కొట్టే అటెండర్ పేరు మర్చిపోయాను. ఆయన ఏమీ అనలేదు గానీ, ఆ రోజు నా సంచీ గేటు దాకా మోసుకొచ్చింది ఆయనే. ఇప్పటికీ తలుచుకుంటే సిగ్గేస్తుంది.

ఇంకోటి. మెసేజ్ రిటైరయ్యే రోజు సాయంత్రమే పెట్టండి. నన్ను మర్నాడు తొమ్మిదింటికల్లా గ్రూపులోంచి తీసేశారు. ఆ అటెండర్‌కి థాంక్స్ చెబుతూ రాసుకున్న రెండో మెసేజ్ పంపడానికి చోటే లేకపోయింది. ఫోన్ చేసి చెప్పాను.