అమ్మ ఫోన్ ఎత్తకపోతే గుండె దడ.. ఎందుకిలా?

నా వయసు 34. నాకు పదేళ్లప్పుడు అమ్మకు డిప్రెషన్ వచ్చింది. అప్పటినుంచి వంట, తమ్ముడి బాగోగులు నేనే చూశాను. నాన్న మీద కోపం, తన బాధ అన్నీ అమ్మ నాతోనే చెప్పుకొనేది. ఇప్పుడు నాకు పెళ్లై ఎనిమిదేళ్ల పాప ఉంది. అమ్మ రోజుకు ఐదారుసార్లు ఫోన్ చేస్తుంది. ఎత్తకపోతే గుండె దడ. కాసేపు ఖాళీగా కూర్చున్నా తప్పు చేస్తున్నట్టు ఉంటుంది. ఇది జబ్బా?
– ఓ పాఠకురాలు

జబ్బు కాదు. పెద్దవాళ్లు మోయాల్సిన భారం పిల్లల మీద పడటాన్ని పేరెంటిఫికేషన్ అంటారు. మానసిక వ్యాధుల జాబితాలో ఇది లేదు. కానీ పెద్దయ్యాక ఆందోళన, డిప్రెషన్ వచ్చే అవకాశాన్ని పెంచుతుంది.

వంట చేయడం, తమ్ముణ్ని చూసుకోవడం మిమ్మల్ని అంతగా దెబ్బతీసి ఉండకపోవచ్చు. పెద్దవాళ్లు ఓ కన్నేసి ఉంచుతూ, వయసుకు తగ్గ పని అప్పగించి, మెచ్చుకుంటే పిల్లలు దానివల్ల చెడిపోరు. ఎక్కువగా గాయపరిచేది రెండోది, అమ్మ మనసును మోయడం. అన్నం వండితే ఆ పని అయిపోతుంది, అమ్మ దుఃఖం తీర్చే పనికి మాత్రం ముగింపు ఉండదు. పదేళ్ల పిల్ల ఎంత చేసినా డిప్రెషన్ తగ్గదు కాబట్టి, ‘నేను ఇంకా సరిగ్గా చేయలేదు’ అన్న లెక్కే ఆమెకు మిగులుతుంది. అమ్మ ముఖం చూసి, అడుగుల చప్పుడు విని ఈరోజు ఎలా ఉందో కనిపెట్టడం అలవాటవుతుంది. ఇప్పుడు ఫోన్ మోగగానే మీ ఒళ్లు చేస్తున్నది ఆ పాత కాపలాయే. ఫోన్ ఎత్తగానే దడ తగ్గుతుంది. ఆ ఉపశమనమే అలవాటును మరింత గట్టిపరుస్తుంది.

అందుకే అపరాధభావం పోయాక మారదామనుకుంటే కుదరదు. ముందు పని మార్చాలి, భావన ఆ తర్వాత తగ్గుతుంది. అమ్మకు ముందే చెప్పండి: ‘పనిలో ఉంటే వెంటనే ఎత్తలేను, రాత్రి ఎనిమిదింటికి నేనే చేస్తాను.’ సంజాయిషీలు, క్షమాపణలు వద్దు. ఫోన్ వస్తే మొదటి వారం పది నిమిషాలు ఆగి తిరిగి చేయండి. మోగినప్పుడు, ఐదు నిమిషాలకు, పది నిమిషాలకు అపరాధభావానికి సున్నా నుంచి పదిలో ఓ అంకె రాసుకోండి. మొదట్లో ఎనిమిది, తొమ్మిది రావడం మామూలే. ఆ అంకె సగానికి పడిపోయేదాకా అదే మెట్టు మీద ఉండండి. తర్వాత అరగంట, ఆపైన రోజుకు రెండే కాల్స్. ఎనిమిదింటికి చేస్తానన్న కాల్ మాత్రం ఒక్కరోజు కూడా తప్పకండి.

చాలామందికి ఇక్కడే బెడిసికొడుతుంది. మొదటి కొద్దిరోజులు అమ్మ కాల్స్ తగ్గకపోగా పెరుగుతాయి. ఏడుపు, నిష్ఠూరాలు కూడా ఉండొచ్చు. మూడు రోజులు ఓర్చుకొని నాలుగో రోజు పదో కాల్‌కు ఎత్తేస్తే, పదిసార్లు చేస్తే పలుకుతుందని అమ్మకు నేర్పినట్టే. దీనికి ఒక మినహాయింపు ఉంది. అమ్మ చనిపోవాలని ఉందన్నా, మందులు ఎక్కువగా మింగిందన్న అనుమానం వచ్చినా ఈ లెక్కలన్నీ పక్కనపెట్టి వెంటనే ఆమె దగ్గర ఎవరో ఒకరు ఉండేలా చూసి ఆస్పత్రికి తీసుకెళ్లాలి. అలాంటప్పుడు ఎవరు వెళ్లాలో మీరు, తమ్ముడు ముందే అనుకోండి.

తమ్ముడికి అందులో సాయం, ఇందులో సాయం అని కాకుండా ఒక బాధ్యత మొత్తంగా ఇచ్చేయండి. ఉదాహరణకు అమ్మ మందులు, డాక్టర్ దగ్గరకు తీసుకెళ్లడం. మందులు అయిపోయే నాలుగు రోజుల ముందు తెచ్చే మీలా కాకుండా అతను ముందురోజు తేవచ్చు. అది చూసి పని వెనక్కి లాక్కోకండి. మీవాళ్లకు అలవాటైంది మీ సామర్థ్యమే కాదు, మీ తొందర కూడా.

అమ్మను నిలదీసి క్షమాపణ చెప్పించుకోవడాన్నే కొందరు మొదటి మెట్టుగా పెట్టుకుంటారు. నేనైతే ఆ సలహా ఇవ్వను. ఆమె ఒప్పుకోకపోతే మీరు మళ్లీ ఆమెనే ఓదార్చే చోటికి వస్తారు. ఆమె జబ్బు ఆమె తప్పు కాదు, మీ కోపమూ తప్పు కాదు.

పాప విషయంలో జాగ్రత్త. మీరు ఏడుస్తుంటే తను నీళ్లు తెచ్చి ‘ఎవరేమన్నారమ్మా?’ అని అడిగితే దాచిపెట్టకండి, విషయమంతా చెప్పకండి. ‘నాకు బాధగా ఉంది, నాన్నతో మాట్లాడతాను. నీవల్ల కాదు, నువ్వేమీ చేయక్కర్లేదు. వెళ్లి ఆడుకో’ అంటే చాలు. తను బట్టలు మడతపెట్టొచ్చు, మీ గొడవలు మాత్రం వినకూడదు.

మీ దడకు ఒకసారి థైరాయిడ్, హిమోగ్లోబిన్ పరీక్షలు, ఈసీజీ చేయించండి. థైరాయిడ్ ఎక్కువైనా, హిమోగ్లోబిన్ తగ్గినా గుండె వేగం పెరుగుతుంది. అమ్మకు డిప్రెషన్ ఉంది కాబట్టి మీకు వచ్చే ముప్పు ఇతరులకంటే రెండు మూడు రెట్లు ఎక్కువ. దిగులు లేదా దేనిమీదా ఆసక్తి లేకపోవడం దాదాపు రోజంతా రెండు వారాలకు పైగా ఉంటే, నిద్ర చెడితే సైకియాట్రిస్ట్‌ను కలవండి. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తే అదేరోజు. డిప్రెషన్ ఉంటే మందులు దాన్ని తగ్గిస్తాయి కానీ, వద్దని చెప్పలేని అలవాటును మార్చవు. దానికి ఆలోచనలను, అలవాట్లను మార్చుకోవడం నేర్పే కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ కావాలి. వారానికోసారి చొప్పున సాధారణంగా మూడు నుంచి ఐదు నెలలు పడుతుంది. మొదటి సిటింగ్‌కు మీరు రాసుకున్న అంకెల కాగితం తీసుకెళ్లండి.