ఆర్గానిక్, ప్రకృతి వ్యవసాయం: పద్మనాభం దగ్గర రెండెకరాల వరిలో నేను చూసింది

ప్రశ్న: మాది ఆనందపురం దగ్గర 3 ఎకరాలు, ఇన్నాళ్లూ కౌలుకిచ్చాం. ఈ ఏడు నుంచి మందుల్లేకుండా వరి వేద్దామనుకుంటున్నా. ఆర్గానిక్ మంచిదా, ప్రకృతి వ్యవసాయం మంచిదా? మొదటి సంవత్సరాల్లో దిగుబడి ఎంత పడిపోతుంది? సర్టిఫికెట్ అవసరమా?

జవాబు:

నేను మధురవాడలో ఉంటా, పొలం పద్మనాభం వైపు. రెండూ పక్కపక్కనే చేసి చూసినోడిని కాబట్టి చెప్తున్నా. ఒక ఎకరం ఆర్గానిక్, ఒక ఎకరం ప్రకృతి వ్యవసాయం, రెండింట్లో శ్రీకాకుళం సన్నాలే. అంతకుముందు యూరియా, డీఏపీ వేసినప్పుడు ఎకరానికి 24 బస్తాలు (75 కిలోల బస్తా) వచ్చేది.

తేడా ఏంటంటే ఆర్గానిక్‌లో మీరు తిండి బయటి నుంచి తెచ్చి పొలానికి పెడతారు, గత్తం, వర్మీకంపోస్టు, వేపపిండి అలాగ. ప్రకృతి వ్యవసాయంలో బయటి నుంచి ఎరువులేం కొనకూడదు, ఆవు పేడ, మూత్రంతో ఘనజీవామృతం, ద్రవజీవామృతం చేసుకోవాలి, మిగతాది నేలే చూసుకుంటుంది అంటారు. ఆ "నేలే చూసుకుంటుంది" అన్న మాట దగ్గరే నేను మొదటి ఏడు దెబ్బ తిన్నాను.

ఎకరానికి ఒకసారి చేసే ద్రవజీవామృతం అంటే 200 లీటర్ల నీళ్లు, 10 కిలోల పేడ, 5 నుంచి 10 లీటర్ల మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పుల పిండి, గుప్పెడు గట్టు మట్టి. నీడలో పెట్టి రోజుకి రెండుసార్లు కర్రతో తిప్పితే 48 గంటల్లో రెడీ, వారంలోపు వాడేయాలి. దీంట్లో ఉండే నత్రజని మొత్తం లెక్కేస్తే పావుకిలో కూడా రాదండి! సీజన్‌కి 7 సార్లు పారించినా కిలోన్నర. 20 బస్తాల వడ్లు పండాలంటే పైరు నేల నుంచి తీసుకునేదే 25, 30 కిలోలుంటుంది. 45 కిలోల యూరియా బస్తా ఒక్కదాంట్లోనే 20 కిలోలకి పైన ఉంటుంది. అందుకే జీవామృతం ఎరువు కాదు, పాలల్లో వేసే తోడు లాంటిది. తోడు బాగానే ఉంది గానీ గిన్నెలో పాలు లేకపోతే పెరుగెక్కడినుంచి వస్తుంది? నేలలో కుళ్లడానికి ఏదైనా ఉంటేనే ఆ సూక్ష్మజీవులు దాన్ని తిని పైరుకి అందిస్తాయి. పదేళ్లు కౌలుదారు ఎరువులేసి లాగేసిన నేలలో అదే ఉండదు.

ప్రకృతి ఎకరంలో నేను ఇంకో తప్పు కూడా చేశా. నేలని గడ్డితో కప్పే ఆచ్ఛాదన మంచిదని ఎవరో చెప్తే ఊడుపులకి వారం ముందు ఎండుగడ్డి మొత్తం దమ్ములో కలిపేశా, ఎండుగడ్డి కుళ్లేటప్పుడు ఆ క్రిములు నేలలో ఉన్న కాస్త నత్రజనిని కూడా అవే తినేస్తాయి, పైరుకి ఏం మిగలదు. నాటిన 25 రోజులకి కింది ఆకులు చివర్ల నుంచి పసుపెక్కడం మొదలైంది, పక్క మడిలో దుబ్బుకి 14, 15 పిలకలుంటే నా దాంట్లో 7, 8. పసుపు లేత ఆకుల్లో ముందొస్తే అది వేరే లోపం, కింది ముసలి ఆకుల్లో వస్తే మటుకు నత్రజని ఆకలే అని గుర్తు. అప్పుడు జీవామృతం ఎక్కువసార్లు పోసా, పచ్చబడలేదు. చివరికి ఆ ఎకరంలో వచ్చింది 13 బస్తాలు.

ఆర్గానిక్ ఎకరంలో 2 ట్రాక్టర్ల గత్తం (సుమారు 4 టన్నులు), టన్ను వర్మీకంపోస్టు, 100 కిలోల వేపపిండి వేశా, 19 బస్తాలు వచ్చాయి. మరి ఇదే బెటర్ కదా అంటారేమో, డబ్బులు చూడండి. ఆ మూడింటికే నాకు 17 వేలు అయ్యింది. ప్రకృతి ఎకరంలో బెల్లం, పిండి, ఘనజీవామృతం సరుకు కలిపి 4 వేలు దాటలేదు, పేడ మా ఆవుదే. 6 బస్తాల తేడాకి అప్పట్లో పదివేలు వచ్చుంటుంది, అంటే తక్కువ పండిన ఎకరమే నాకు 3 వేలు తక్కువ నష్టం చేసింది! కాకపోతే జీవామృతం తిప్పడం, పారించడం నేనే చేసుకున్నా, కూలికి పెడితే ఆ మిగులు పోతుంది. ఆవు లేకుండా పేడ మోయించుకునేవాళ్లు ఈ లెక్క వాళ్లది వాళ్లు వేసుకోవాలి.

(బెల్లం అనకాపల్లి నల్లదే తీసుకోండి, ముద్ద మట్టి రంగులో ఉన్నది. పసుపు పచ్చగా మెరిసేదాంట్లో రంగు తేల్చడానికి హైడ్రోస్ అనే రసాయనం కలిపి ఉంటారు. నల్లది చవక కూడా.)

రెండో ఏడు మే నెల వానలకే ప్రకృతి ఎకరంలో జీలుగు 12 కిలోలు చల్లా, 45 రోజులకి పూతకొస్తుండగా దమ్ములో కలిపేసి, వారం ఆగి ఊడ్చాం. లేత పచ్చిరొట్ట తొందరగా కుళ్లి నత్రజని వదులుతుంది, ఎకరానికి 20 కిలోల పైనే వస్తుందని లెక్క. పూత ముదిరి కాండం గట్టిపడ్డాక కలిపితే మళ్లీ ఎండుగడ్డి కథే. ఆ ఏడు 17, మూడో ఏడు నవధాన్యాలు కూడా కలిపి చల్లితే 20. ఆర్గానిక్‌ది 20, 21 దగ్గర ఆగింది, ఎరువు ఖర్చు మటుకు ఏటా అంతే. అందుకే ఇప్పుడు రెండెకరాలకీ పచ్చిరొట్ట వేసి, ఒక ట్రాక్టర్ గత్తం మటుకు తోలిస్తున్నా. ఇది పూర్తి ప్రకృతి వ్యవసాయం కాదంటారు మా ఊళ్లో ప్రకృతి వ్యవసాయం నేర్పే సీఆర్పీ గారు, ఆయనతో రోజూ గొడవే :)

సర్టిఫికెట్ సంగతి. మందులు ఆపాక సర్టిఫికెట్ కోసం ఆగాల్సిన మార్పిడి కాలం వరి లాంటి పంటకి రెండేళ్లు, మామిడి, జీడిమామిడికైతే మూడు. ఈ రెండేళ్లు దిగుబడి తక్కువ, ఆర్గానిక్ అని చెప్పి అమ్ముకోవడానికీ ఉండదు, అసలు కష్టం ఇదే. రెండు దారులున్నాయి. విదేశాలకి పంపాలంటే ఎన్‌పీఓపీ అనే కేంద్ర ప్రభుత్వ పథకం కింద సర్టిఫికెట్ కావాలి, బయటి ఏజెన్సీ వచ్చి తనిఖీ చేస్తుంది, మూడెకరాలకి మీరొక్కరే చేయించుకుంటే ఖర్చు గిట్టదు. మన దేశంలోనే అమ్ముకోడానికి రైతులే ఒకరికొకరు హామీ ఇచ్చుకునే పీజీఎస్ సర్టిఫికెట్ చాలు, కనీసం 5 మంది రైతులు గ్రూపు కట్టి ఒకరి పొలం ఒకరు చూసి రాసుకోవాలి, మార్పిడి కాలంలో పీజీఎస్ గ్రీన్, గడువు పూర్తయ్యాక పీజీఎస్ ఆర్గానిక్ ఇస్తారు. ఈ రెండిట్లోనూ రాసేది ఏ ఎరువు వాడారు, ఏ మందు వాడలేదు అనే, జీవామృతమా వర్మీయా అని ఎక్కువ మార్కులేం ఉండవు. మా గ్రూపులో ఒకాయన గట్టు మీద గడ్డిమందు కొట్టేశాడు, "గట్టే కదా" అని. ఆయన్ని పక్కన పెట్టడానికి మాకు మూడు మీటింగులు పట్టింది, ఊళ్లో మాటలు కూడా పడ్డాం. కాబట్టి ఎవరితో కడుతున్నారో చూసుకోండి.

ఇంకోటి, మీ మడికి నీళ్లు పై మడి నుంచి పొంగి వస్తుంటే ఆయన యూరియా, మందులు మీ పొలంలోకే వస్తాయి, తనిఖీలో మొదట అడిగేది అదే. మేము గెడ్డ దగ్గర నుంచి వేరే బోదె తవ్వించుకుని, పై గట్టు అడుగు ఎత్తు పెంచి దాని పక్కనే కంది వేశాం. అది జూన్‌లో తవ్వుదామంటే కుదరదు, ఇప్పుడే తవ్వించండి, పీజీఎస్ పేరు నమోదు కూడా మొదటి పంటకి ముందే చేయించండి, ఎందుకంటే రెండేళ్లు లెక్కపెట్టేది ఆ కాగితం మీద తేదీ నుంచే.