మీటప్‌లో నిన్ను నువ్వు పరిచయం చేసుకునేటప్పుడు

చిట్టీ,

శనివారం పైథాన్ మీటప్‌లో పరిచయం చేసుకోవాలని టెన్షన్ పడుతున్నావట, మీ అమ్మ చెప్పింది. నువ్వు పంపిన నాలుగు లైన్లూ చూశాను. "పన్నెండేళ్లు లెక్కల టీచర్‌గా చేశాను, ఇప్పుడు సాఫ్ట్‌వేర్‌లోకి రావాలనుకుంటున్నాను" అని మొదలుపెట్టకు. అలా మొదలుపెడితే వినేవాళ్లు నిన్ను ట్రైనింగ్ ఇచ్చే మనిషిగా లెక్కేసుకుంటారు. "టీచర్లకు ఓపిక ఎక్కువ" అన్న మాట కూడా తీసెయ్. ఆ మాట ఎవరైనా అంటారు.

నీ దగ్గర అంతకంటే మంచి సరుకుంది. పోయిన నెల నాకు చూపించిన మార్కుల ప్రోగ్రామ్ సంగతే చెప్పు. మార్కుల కాలమ్‌లో ఆబ్సెంట్ పిల్లలకు `AB` అని ఉండేసరికి `int("AB")` దగ్గర `ValueError` వచ్చి ఆగిపోయింది కదా. కొత్తవాళ్లు చాలామంది అక్కడ సున్నా పెట్టేసి ముందుకెళ్తారు. ప్రోగ్రామ్ నడుస్తుంది, ఎర్రర్ రాదు, కానీ లెక్క తప్పుతుంది. నలభై మందిలో నలుగురు పరీక్షకు రాలేదనుకో. రాసిన ముప్పై ఆరు మందికీ కలిపి 540 మార్కులొస్తే సగటు 15. రానివాళ్లకు సున్నా వేస్తే 13.5కి పడిపోతుంది. పరీక్ష రాయని పిల్లాడూ, రాసి సున్నా తెచ్చుకున్న పిల్లాడూ ఒకటి కాదని నీకు ఎవరూ నేర్పక్కర్లేదు. అందుకే ఆ గడి ఖాళీగా ఉంచావు. పట్టికల పనికి వాడే పాండాస్ లైబ్రరీలో ఖాళీ గడి `NaN` అవుతుంది, `mean()` దాన్ని వదిలేసి సగటు తీస్తుంది. డేటా పనిలో రోజూ తగిలే చిక్కే ఇది.

కాబట్టి ఇలా చెప్పు: "నేను పైథాన్‌తో స్కూల్ మార్కుల డేటా సరిచేసే చిన్న టూల్ రాశాను. ఆబ్సెంట్‌ను సున్నాగా లెక్కిస్తే క్లాసు సగటు ఎలా తప్పుతుందో టీచర్‌గా ముందే తెలుసు కాబట్టి, మొదటి టెస్ట్ దానికే రాశాను. డేటా టెస్టింగ్‌లో పని వెతుకుతున్నాను. ఆ పని చేసేవాళ్లుంటే పది నిమిషాలు మాట్లాడాలనుంది." ముప్పై సెకన్లలో అయిపోతుంది. ఇంటి దగ్గర ఒకసారి గడియారం పెట్టుకుని బయటికి చదువు, చాలు.

క్లాసు నడపడమూ ప్రాజెక్టు నడపడమూ ఒకటేనని మాత్రం అనకు. టీమ్‌లో పనిచేసినవాళ్లు వెంటనే ఎదురు ప్రశ్న వేస్తారు, నీ దగ్గర జవాబుండదు. గిట్‌లో ఇద్దరు చేసిన మార్పులు ఢీకొనే మెర్జ్ కాన్‌ఫ్లిక్ట్ గురించి అడిగితే ఇంకా ఒంటరిగానే రాస్తున్నానని చెప్పెయ్, తప్పేం లేదు.

పరిచయం పని చేసిందో లేదో వాళ్లు వేసే మొదటి ప్రశ్నే చెబుతుంది. "ఏ స్కూలండీ?" అంటే మాట టీచర్ దగ్గరే ఆగిపోయిందన్నమాట. రెండోసారి చెప్పేటప్పుడు `AB` సంగతి ముందుకు తీసుకురా. "మరి మెడికల్ లీవ్ వాళ్లనేం చేశారు?" అంటే లాప్‌టాప్ తెరువు. తెరిచే ముందు ఆ ఫైల్లో పిల్లల పేర్లు తీసేసి, ఉత్తుత్తి రోల్ నంబర్లూ మార్కులూ పెట్టుకో. ఈ పని శుక్రవారం రాత్రే చేసెయ్.

మీ పెద్దమ్మ