వరుస వరుసకీ పెద్ద ఖర్చుకి రంగు: జూన్ ఫీజు ముందే కనిపించేలా

*ప్రశ్న: నిరుడు ఏప్రిల్ నుంచి ఈ మార్చి దాకా మా ఇంటి ఖర్చులన్నీ ఎక్సెల్‌లో రాశాను. షీట్ పంపుతున్నాను. ఏ నెలలో ఏ ఖర్చు ఎక్కువో దానికి రంగు పడాలని టాప్ 10 ఐటమ్స్‌లో 10 తీసేసి 1 పెట్టాను. పట్టిక మొత్తంలో ఒక్క గడికే రంగు పడింది. ప్రతి వరుసలో పడాలంటే ఎలా? పడ్డాక దాన్ని చూసి ఏం చేయాలి? ఏటా జూన్ వచ్చేసరికి స్కూలు ఫీజు కోసం గాజులు బ్యాంకులో పెడుతున్నాం. సేవింగ్స్‌లో 40 వేలున్నాయి, వాటిని ముట్టుకోవడం లేదు. — ఒక ఉపాధ్యాయురాలు, ఖమ్మం*

మీకు రంగు పడిన ఆ ఒక్క గడి జూన్ ఫీజు, 62,000. టాప్ 10 రూల్ మీరు సెలెక్ట్ చేసిన గడులన్నిటినీ ఒకే కుప్పగా చూస్తుంది. ఆ కుప్పలో అన్నిటికంటే పెద్దది ఏదో చెప్పి ఊరుకుంటుంది. దానికి నెలలూ వరుసలూ తెలియవు. పన్నెండు వరుసలకీ విడివిడిగా అదే రూల్ పెట్టుకుంటూ పోవచ్చు కానీ, వచ్చే ఏడు మళ్లీ పన్నెండు సార్లు పెట్టుకోవాలి. ఒక్క ఫార్ములాతో పని అయిపోతుంది.

మీ షీట్‌లో A కాలమ్‌లో నెలలు, B నుంచి H దాకా ఖర్చులు, I లో మొత్తం ఉన్నాయి. మొదటి ఖర్చు గడి B2. అక్కడ నొక్కి H13 దాకా లాగండి. I కాలమ్‌ని మాత్రం కలపకండి. అది కలిస్తే ప్రతి నెలా మొత్తానికే రంగు పడుతుంది. తర్వాత `Home`లో `Conditional Formatting`, అందులో `New Rule`, అందులో చివరన ఉండే `Use a formula to determine which cells to format` తెరిచి ఇది రాయండి:

```
=B2=MAX($B2:$H2)
```

కింద `Format` నొక్కి ఒక రంగు ఎంచుకుంటే చాలు. గూగుల్ షీట్స్‌లో అయితే `Format` మెనూలో `Conditional formatting`, అక్కడ `Custom formula is`. ఫార్ములా ఇదే.

ఇందులో కీలకం $ గుర్తు ఎక్కడ ఉందన్నదే. B ముందు, H ముందు ఉంది, 2 ముందు లేదు. అంటే పోల్చడం ఎప్పుడూ B నుంచి H వరకే, వరుస మాత్రం గడితో పాటు కిందికి దిగుతుంది. జూన్ గడులు జూన్ వరుసతోనే, జులై గడులు జులై వరుసతోనే పోల్చుకుంటాయి. మీరు ఫార్ములా టైప్ చేయకుండా మౌస్‌తో ఆ వరుసని చూపిస్తే ఎక్సెల్ తనంతట తానే `$B$2:$H$2` అని రాసేస్తుంది. అప్పుడు పన్నెండు నెలలూ ఏప్రిల్‌తోనే పోటీ పడతాయి. మీ షీట్‌లో ఆ తప్పు పట్టుకోవడం కష్టం, ఎందుకంటే ఏప్రిల్‌లో పెద్దది హోమ్ లోన్ ఈఎంఐ 24,500. అది ప్రతి నెలా అంతే కాబట్టి B కాలమ్ నిలువునా రంగు పడుతుంది, చూడ్డానికి సరిగ్గానే ఉన్నట్టు అనిపిస్తుంది. జూన్ వరుస చూడండి. 62,000 తెల్లగా ఉండి 24,500కి రంగు ఉంటే మొదట $ ఎక్కువైందేమో చూడండి.

అలా కనిపించడానికి ఇంకో కారణం మీ షీట్‌లో నిజంగానే ఉంది. జూన్ ఫీజు గడిలో మీరు 62,000/- అని రాశారు. చెక్కు మీద రాసే అలవాటు కొద్దీ మనందరం అలాగే రాస్తాం. కామా ఉంటే ఎక్సెల్‌కి ఇబ్బంది లేదు కానీ, ఆ /- చూడగానే అది అంకె కాదు, అక్షరాలు అనుకుంటుంది. `MAX` అక్షరాలను లెక్కలోకి తీసుకోదు. నేను మీ షీట్‌లో ఈ రూల్ పెట్టగానే జూన్‌లో ఫీజుకి కాకుండా ఈఎంఐకి రంగు పడింది ఇందుకే. (మీరు పెట్టిన రూల్‌కి రంగు పడిందంటే, ఆ తర్వాత ఎప్పుడో ఈ /- చేర్చి ఉంటారు.) అంకె గడిలో కుడి వైపుకి జరిగి ఉంటుంది, అక్షరాలు ఎడమ వైపున ఉంటాయి. అనుమానం వస్తే ఖాళీ గడిలో `=ISNUMBER(F4)` అని కొట్టండి. `FALSE` వస్తే /- తీసేసి ఉత్త అంకె వేయండి.

ఇప్పటికి రూల్ సరిగ్గా పని చేస్తోంది. కానీ ఫలితం చూస్తే పన్నెండు నెలల్లో పది నెలలు ఈఎంఐకే రంగు. జూన్‌లో ఫీజు, నవంబర్‌లో హెల్త్ ఇన్సూరెన్స్ ప్రీమియం మాత్రమే దాన్ని దాటాయి. ఈఎంఐ పెద్ద ఖర్చని మీకు తెలుసు, అందులో మార్చగలిగింది ఈ నెలా లేదు, వచ్చే నెలా లేదు. కదలని ఖర్చుని పోటీలో ఉంచితే రంగు దాని దగ్గరే ఆగిపోయి, కదిలే ఖర్చుల్ని కప్పేస్తుంది. ఎవరైనా నా దగ్గరికి ఇలాంటి షీట్ తెస్తే నేను మొదట చేసేది ఈఎంఐనీ ఇంటి అద్దెనీ పక్కన పెట్టడం.

`Manage Rules`లోకి వెళ్లి పాత రూల్ తీసేయండి. ఈసారి C2 నుంచి H25 దాకా సెలెక్ట్ చేయండి, వచ్చే ఏడాది వరుసలు కూడా అందులోకి వచ్చేస్తాయి. ఆ వరుసలు ఇప్పటికి ఖాళీగా ఉన్నాయి. ఖాళీ వరుసలో `MAX` సున్నా ఇస్తుంది, ఖాళీ గడి కూడా సున్నాతో సమానమే అవుతుంది కాబట్టి మామూలు ఫార్ములా అయితే ఆ గడులన్నీ రంగుతో నిండిపోతాయి. అందుకని గడిలో అంకె ఉంటేనే చూడమని చెప్పాలి:

```
=AND(ISNUMBER(C2),C2=MAX($C2:$H2))
```

సెలెక్ట్ చేసేటప్పుడు C2 నుంచే మొదలుపెట్టండి. కింది నుంచి పైకి లాగితే ఎక్సెల్ ఫార్ములాలోని C2ని మీరు మొదట నొక్కిన గడికి అన్వయించుకుంటుంది, రంగులన్నీ వేరే వరుసల లెక్క ప్రకారం పడతాయి.

ఇప్పుడు చూడండి. ఏడు నెలల్లో రంగు కిరాణా మీద ఉంది. మిగతా ఐదు నెలల్లో అది కిరాణాని వదిలి పక్కకి వెళ్లింది. జూన్‌లో ఫీజు 62,000. ఆగస్టులో శ్రావణ మాసం పెళ్లిళ్ల చదివింపులు 18,000. అక్టోబర్‌లో దసరా బట్టలు, ప్రయాణాలు 21,000. నవంబర్‌లో ప్రీమియం 26,000. జనవరిలో సంక్రాంతి 17,000. వీటిలో ఒక్కటి కూడా హఠాత్తుగా వచ్చింది కాదు. ఐదూ కలిపితే 1,44,000. పన్నెండుతో భాగిస్తే నెలకి 12,000. మీ ఇంటి నెల ఖర్చులో ఈ 12,000 ఎప్పుడూ ఉంది, కాకపోతే ఐదు నెలల్లో పోగుపడి కనిపించింది.

ఇక్కడ చాలామంది ఒక పొరపాటు చేస్తారు. 12,000 చొప్పున వేస్తే సరిపోతుందని ఏప్రిల్‌లో మొదలుపెడతారు. జూన్ వచ్చేసరికి మూడు జమలు, 36,000 మాత్రమే ఉంటాయి. 26,000 తగ్గుతుంది, మళ్లీ గాజులు బయటికి వస్తాయి. అది ఎలాగో సర్దుకున్నా నవంబర్‌లో ఇంకో 5,000 తగ్గుతుంది. రెండూ కలిపి 31,000. మీ సేవింగ్స్‌లో ఉన్న 40 వేలల్లోంచి ఆ 31,000 తీసి ఈ ఏప్రిల్‌లోనే ముందుగా వేయండి. జూన్ జమ పడేసరికి 67,000 అవుతుంది, ఫీజు కట్టాక 5,000 మిగులుతుంది. నవంబర్‌లో ప్రీమియం కట్టిన రోజున ఖాతాలో సున్నా ఉంటుంది, భయపడకండి, లెక్క ప్రకారమే అంతే. డిసెంబర్ నుంచి మళ్లీ పెరిగి వచ్చే మార్చి చివరికి సరిగ్గా 31,000 దగ్గరికి వస్తుంది. అంటే ఆ డబ్బు ఖర్చైపోలేదు, ఏడాదంతా తిరిగి వచ్చింది. ముట్టుకోని 40 వేల మీద వచ్చే సేవింగ్స్ వడ్డీ కన్నా గాజుల మీద మీరు కట్టే వడ్డీ చాలా ఎక్కువ. అందుకే ముట్టుకోమంటున్నాను. మిగిలే 9,000 మాత్రం ఆస్పత్రి లాంటి అవసరాలకి చాలదు, దాన్ని పెంచడం వేరే పని.

దీనికి ఆర్‌డీ వద్దు. మధ్యలో ఐదుసార్లు తీయాల్సిన డబ్బు ఇది. డెబిట్ కార్డు లేని ఇంకో సేవింగ్స్ ఖాతా తెరిచి, జీతం పడిన మర్నాడు 12,000 దానంతట అదే వెళ్లేలా బ్యాంకులో చెప్పి పెట్టండి.

నెలకి 12,000 ఎక్కడినుంచి అని మీరు అడుగుతారు. ఒక్క రంగు దీనికి జవాబు చెప్పదు. పెద్దది ఏదో చెబుతుంది కానీ, దాని వెనకే ఎవరున్నారో చెప్పదు. డిసెంబర్ వరుసలో కిరాణా 11,400, బయట తిండి 11,100. కేవలం 300 తేడా, రంగు మాత్రం కిరాణాకే. అందుకని అవే గడుల మీద రెండో రూల్ ఒకటి, లేత రంగుతో:

```
=AND(ISNUMBER(C2),C2=LARGE($C2:$H2,2))
```

వరుసలో రెండో స్థానంలో ఉన్న ఖర్చుకి ఈ రంగు పడుతుంది. మీ షీట్‌లో కిరాణా ముందున్న ఆ ఏడు నెలల్లోనూ లేత రంగు బయట తిండి మీదే పడింది, ఏ నెలలోనూ 9,000కి తగ్గలేదు. ఫీజులూ పండగలూ ఉన్న ఐదు నెలల్లో అదే కాలమ్ 4,000 దాటలేదు. నెలకి కనీసం 5,000 తేడా, ఏడు నెలలకి 35,000. చేతిలో డబ్బు ఆడిన నెలలో అది ఫుడ్ డెలివరీకి వెళ్లిపోతోంది. జీతం పడిన మర్నాడే 12,000 కదిలిపోతే ఆ నెలలు కూడా జూన్ లాగే నడుస్తాయి, జూన్ మీరు గడిపిన నెలే కదా. మొదటి రెండు మూడు నెలలు ఇంట్లో కాస్త టెన్షన్ ఉంటుంది, మీవారికీ ఈ రెండు రంగులు చూపించి మొదలుపెట్టండి.

వచ్చే ఏడాది ఫీజు పెరిగితే పెరిగిన మేరకే లెక్క మార్చండి. స్కూలు వాళ్లు 68,000 అన్నారనుకోండి, కొత్త ఫీజు ఏప్రిల్‌లో తెలిస్తే ఏప్రిల్, మే, జూన్‌లో రెండేసి వేలు ఎక్కువ వేసి, జులై నుంచి జమని 12,500 చేయండి.