క్యాంపస్ ఎక్కడుందో తేల్చుకోకుండా మిత్తికి పోకండి

ప్రశ్న: సార్, మాది కాజీపేట. మా అబ్బాయికి ఆస్ట్రేలియాలో లా ట్రోబ్ యూనివర్సిటీలో సీటొచ్చింది. అడ్రస్ బందూరా, 3086 అని ఉంది. ఒక ఫామ్‌లో లోకల్ గవర్నమెంట్ ఏరియా, పోస్టల్ ఏరియా, స్టాటిస్టికల్ రీజియన్ అడుగుతున్నారు, ఏం రాయాలో తెలియట్లేదు. అది రీజనల్ ఏరియా, చదువయ్యాక రెండేళ్లు ఎక్కువ ఉండొచ్చని తెలిసినాయన చెప్పాడు. ఆ ధైర్యంతోనే రెండు రూపాయల మిత్తికి పది లక్షలు తెస్తున్నాం. పర్వాలేదా?

జవాబు: పర్వా ఉంది సార్. బందూరా మెల్‌బోర్న్ నగరంలోని ఒక పేట. రీజనల్ అంటే వీసా లెక్కలో మెల్‌బోర్న్ లాంటి మహానగరాల బయటి ప్రాంతం, కాబట్టి బందూరా రీజనల్ కాదు. మీకు చెప్పినాయన బహుశా అదే యూనివర్సిటీకి బెండిగోలో ఉన్న క్యాంపస్‌తో కలిపేసుకున్నాడు, బెండిగో రీజనల్ కిందికే వస్తుంది. యూనివర్సిటీ పేరు ఒకటే అయినా లెక్కలోకి వచ్చేది మీవాడు చదివే క్యాంపస్ పోస్ట్‌కోడ్. ఈ పొరపాటు మీ ఒక్కరిదే కాదు, నా దగ్గరికి వచ్చే చాలా ఇళ్లలో చూస్తున్నా, అందుకే వివరంగా రాస్తున్నా.

మన ఎన్ఐటీనే చూడండి. పేరులో వరంగల్, జిల్లా హనుమకొండ, పిన్ 506004, మున్సిపల్ కార్పొరేషన్ మళ్లీ గ్రేటర్ వరంగల్. ఎవరి గీత వాళ్లది. అక్కడా అంతే.

పోస్టల్ ఏరియా దగ్గర రాయాల్సిన పోస్ట్‌కోడ్ కోసం ఆస్ట్రేలియా పోస్ట్ సైట్‌లో Bundoora అని కొట్టండి. ఊరికి 3083 వస్తుంది, మీ లెటర్‌లోని 3086 యూనివర్సిటీ తన ఉత్తరాలకు వాడే నంబర్. క్యాంపస్ అడ్రస్ అడిగితే 3086, అబ్బాయి ఉండబోయే ఇంటిది అడిగితే ఆ ఇంటి నంబర్ రాయాలి.

లోకల్ గవర్నమెంట్ ఏరియా అంటే మన మున్సిపాలిటీ లాంటిది, అక్కడ కౌన్సిల్ అంటారు. ఇక్కడే జనం తప్పుతారు, ఎందుకంటే బందూరా ఒక్క పేటే అయినా బాన్యూల్, డారెబిన్, విట్టిల్‌సీ అనే మూడు కౌన్సిళ్ల మధ్య చీలిపోయింది. క్యాంపస్ డారెబిన్‌లోకి వస్తుంది. కానీ రోడ్డు దాటి గది తీసుకుంటే కౌన్సిల్ మారిపోవచ్చు, కాబట్టి పేట పేరుతో ఊహించకుండా వీధి, ఇంటి నంబర్‌తో వెతకాలి.

స్టాటిస్టికల్ రీజియన్ అక్కడి జనాభా లెక్కల శాఖ ABS గీసినది. SA1 చిన్నది, SA4 పెద్దది. ABS మ్యాప్‌లో అడ్రస్ కొడితే అన్నీ కనిపిస్తాయి. బందూరా పేరుతోనే Bundoora - East, Bundoora - North, Bundoora - West అని మూడు SA2లు ఉన్నాయి, మూడూ Melbourne - North East అనే SA4 కిందికి వస్తాయి. ఆ పేరులో Melbourne కనిపించిందంటే రీజనల్ ఆశ చాలావరకు వదులుకోవడమే. ఖాయం చేసుకోవడానికి ఇమిగ్రేషన్ శాఖ రీజనల్ పోస్ట్‌కోడ్‌ల పట్టిక చూడండి, వీసాకు చెల్లేది అదే, SA4 కాదు.

ఒకవేళ బెండిగోకే మారినా ఆ రెండేళ్లు చదువు అయిపోగానే రావు. ముందు మొదటి వర్క్ వీసా మీద కనీసం రెండేళ్లు రీజనల్ ఏరియాలోనే ఉండాలి, ఆ తర్వాతే రెండో దానికి పెట్టుకోవాలి. అంత దూరపు మాట కోసం ఇవ్వాళ మిత్తికి తెస్తారా? పది లక్షలకు రెండు రూపాయలంటే నెలకు 20 వేలు, ఏడాదికి 2 లక్షల 40 వేలు, అసలు అలాగే ఉంటుంది. చదువుకునే రోజుల్లో అబ్బాయి రెండు వారాలకు 48 గంటలే పని చేయగలడు. దాంట్లోంచి మిత్తి పంపమంటే వాడు తిండి మానుకోవాలి. ఆ అప్పు వద్దు. బ్యాంకు ఎడ్యుకేషన్ లోన్ అడగండి, చాలకపోతే ఒక సెమిస్టర్ ఆగండి.

నాకు అసలు టెన్షన్ వేరే. మీ ఉత్తరంలో అత్యవసర నిధి మాటే లేదు. ఆ నిధి ఎంత కావాలో లెక్కేయడానికీ పోస్ట్‌కోడ్ పనికొస్తుంది: జనాభా లెక్కల QuickStats పేజీలో 3083 కొడితే ఆ ప్రాంతంలో వారం అద్దె ఎంతో తెలుస్తుంది. అది 2021 నాటిది, పైగా మొత్తం ఇంటిది, కాబట్టి ఇప్పటి గది ధరలు కూడా చూడండి. గది వారానికి 250 డాలర్లు అనుకుందాం. మనవాళ్లు నాలుగుతో గుణించి నెలకు వెయ్యి అంటారు. ఏడాదికి 52 వారాలు, అంటే 13 వేలు, నెలకు 1,083. ఇల్లు అద్దెకు తీసుకుంటే సాధారణంగా నెల అద్దె బాండ్ అనే డిపాజిట్‌గా, మరో నెల అడ్వాన్సుగా అడుగుతారు, అంటే దిగగానే 2,166. ఇది కాకుండా పని దొరకని 13 వారాలకు అద్దె 3,250, తిండి ఖర్చు వేరే. ఈ డబ్బు టికెట్ బుక్ చేసేలోపే మీ పేరున ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో విడిగా ఉండాలి, ఫీజులో కలపొద్దు, ఇంట్లో పెళ్లి వచ్చినా ముట్టుకోవద్దు. హెల్త్ కవర్ వీసాకు ఎలాగూ తప్పదు.

ఫామ్‌లో క్యాంపస్ అడ్రస్ ఇచ్చి డారెబిన్, 3086, Melbourne - North East అని నింపండి. SA2 ప్రత్యేకంగా అడిగితే మ్యాప్‌లో క్యాంపస్ మీద నొక్కి, పేరుతోపాటు కోడ్ కూడా రాసుకోండి.